మామూలు మచ్చా, మెలనోమానా? ఒక్క ఫొటో ఎందుకు చెప్పలేదు

ఒంటిమీద మచ్చ చూసి అనుమానం వస్తే, ఫోన్‌తో ఫొటో తీసి తెలిసిన డాక్టరుకు పంపడం ఇప్పుడు చాలామందికి అలవాటైపోయింది. ‘ఇది మామూలు పుట్టుమచ్చేనా, భయపడాల్సిందేమైనా ఉందా?’ అని అడుగుతారు. ఎక్కువసార్లు అది మామూలు మచ్చే అయ్యుంటుంది. అయినా జాగ్రత్తపడే డాక్టరు ‘ఒకసారి వచ్చి చూపించండి’ అనే అంటారు. ఫొటో ఎంత స్పష్టంగా వచ్చినా ఆ మాట మారదు. ఫీజు కోసం అంటున్నారనో, తప్పించుకుంటున్నారనో మనకు అనిపించవచ్చు. కానీ ఆ మాట వెనక గట్టి కారణం ఉంది. మెలనోమా మొదటి దశలో ఉన్నప్పుడు, దాన్ని పుట్టుమచ్చ నుంచి వేరుచేసే సంగతులు చాలావరకు ఆ ఫొటోలో పడవు.

మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. ఆ కణాలను మెలనోసైట్లు అంటారు. పుట్టుమచ్చ కూడా ఆ కణాల గుంపే. రెండూ ఒకే కణాల నుంచి, చర్మంలో ఒకే చోట, ఒకే రంగు పదార్థంతో తయారవుతాయి. తొలినాళ్లలో రెండూ ఒకేలా కనబడడంలో వింత లేదు.

ఎంత ఒకేలా కనబడతాయో చెప్పే అధ్యయనం ఒకటుంది. ఆస్ట్రేలియాలో తెల్లజాతివాళ్లు ఎక్కువ, ఎండ తీవ్రం, మెలనోమా కూడా ఎక్కువే. అందుకే ఈ జబ్బు మీద లోతైన పని అక్కడ చాలా జరిగింది. సిడ్నీలో స్కాట్ మెన్జీస్ అనే చర్మవైద్యుడు, ఆయన బృందం కలిసి 318 మచ్చలను పరీక్షకు తీసుకున్నారు. డాక్టరుకు కాస్త అనుమానం కలిగించినవో, ‘ఈమధ్య మారినట్టుంది’ అని రోగి చెప్పినవో మాత్రమే ఎంచుకున్నారు. చర్మం మీద ఆనించి చూసే భూతద్దంతో చూసినా వాటిలో మెలనోమా అని తేల్చే గుర్తులు లేవు. అప్పుడు కోసెయ్యకుండా, ప్రతి మచ్చకూ ఆ భూతద్దంలోంచే ఫొటో తీసి పెట్టుకుని, సుమారు మూడు నెలల తర్వాత అదే పద్ధతిలో రెండోసారి తీశారు. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి పోల్చారు.

వందకు 81 మచ్చల్లో ఏ మార్పూ లేదు. 61 మచ్చలు మారాయి. ఆ 61లో ఏడు మెలనోమాలని ముక్క పరీక్షలో తేలింది. ఏడూ తొలిదశలోవే. 2001లో అచ్చయిన ఈ అధ్యయనంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. ఆ ఏడింటిలో ఒక్కదానిలో కూడా, రెండో ఫొటోలో సైతం, మెలనోమాకు పాఠ్యపుస్తకాలు చెప్పే గుర్తులు కనిపించలేదు. అవి మారాయన్న ఒక్క విషయమే వాటిని పట్టించింది. మొదటి ఫొటో మాత్రమే ఉండి ఉంటే, నిపుణుడైనా వాటిని మామూలు మచ్చలనే అనుకునేవాడు. రెండోది మాత్రమే ఉన్నా అంతే. రెండూ కలిస్తేనే జవాబు దొరికింది.

ఇక్కడ రెండో పక్క కూడా చూడాలి. మారిన 61లో 54 మెలనోమాలు కావు. కాబట్టి మార్పు కనిపిస్తే క్యాన్సరేనని కాదు, తీసి చూడవలసిన మచ్చ ఏదో అది చెప్తుంది. మామూలు పుట్టుమచ్చలు కూడా మారుతుంటాయి. చిన్నప్పుడూ, యౌవనంలోనూ కొత్తవి వస్తాయి, ఉన్నవి పెరుగుతాయి. గర్భంతో ఉన్నప్పుడు పొట్టమీద చర్మం సాగితే మచ్చ కూడా సాగుతుంది. వయసు మళ్లాక కొన్ని పాలిపోతాయి. అందుకే డాక్టరు మార్పు గురించి అడిగేటప్పుడు వయసు, ఎంతకాలంలో మారింది, ఏ వైపుకి పెరిగింది అన్నీ కలిపి అడుగుతారు. అంచంతా సమంగా పెరిగితే ఒక అర్థం, ఒక్క వైపుకే పాకితే ఇంకో అర్థం.

ఇక చర్మం లోపల జరిగేది చూద్దాం. మన ఒంటిమీద చాలాచోట్ల చర్మపు పైపొర మిల్లీమీటరులో పదో వంతు మందం ఉంటుంది. రంగు కణాలు ఆ పైపొరకు అట్టడుగున వరసగా కూర్చుని ఉంటాయి. పుట్టుమచ్చలో అవి పెరిగి చిన్న చిన్న గుంపులు కడతాయి, కొంతకాలానికి పెరగడం ఆపేస్తాయి. మెలనోమా తొలిదశలో అవి గుంపులు కట్టడం మాని ఒక్కొక్కటిగా పక్కలకు విస్తరిస్తాయి, పైపొరలోకి ఎక్కుతాయి. ఇదంతా ఆ పదోవంతు మిల్లీమీటరు మందంలోనే జరుగుతుంది. పైనుంచి చూస్తే గోధుమరంగు మచ్చ కనబడుతుంది, అంతే. కణాలు గుంపుగా ఉన్నాయా, చెదిరాయా, పైకి ఎక్కాయా అన్నది పక్కనుంచి కోసి చూస్తేనే తెలుస్తుంది. ఫొటో పైనుంచి తీసేది.

అసలు ప్రమాదాన్ని కొలిచే కొలత కూడా లోతే. అమెరికన్ పాథాలజిస్టు అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో ఒక సంగతి చూపించాడు. మెలనోమా ఎంత వెడల్పుందన్నదానికంటే ఎంత లోతుకు దిగిందన్నదే రోగి భవిష్యత్తును ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ లోతును ఇప్పటికీ ఆయన పేరుతోనే మిల్లీమీటర్లలో రాస్తారు. పైపొర దాటకుండానే తీసేస్తే దాదాపు పూర్తిగా నయమైనట్టే. అడుగుపొరలోకి దిగి లోతయ్యేకొద్దీ లింఫు గ్రంథులకూ, ఊపిరితిత్తులకూ, మెదడుకూ పాకే అవకాశం పెరుగుతుంది. అర మిల్లీమీటరు లోతున్నదీ రెండు మిల్లీమీటర్ల లోతున్నదీ పైనుంచి తీసిన ఫొటోలో ఒకే వెడల్పున కనబడవచ్చు.

లోతు గురించి రంగు కొంత చెప్తుంది. ఒకే రంగు పదార్థం చర్మంలో మరీ పైన ఉంటే నల్లగానూ, పైపొర అడుగున ఉంటే గోధుమగానూ, ఇంకా లోతుకు దిగితే బూడిదగా, నీలంగానూ కనబడుతుంది. కాబట్టి మచ్చలో ఒక మూల నీలిబూడిద ఛాయ ఉందంటే చర్మవైద్యులు చెవులు రిక్కిస్తారు. ఫోన్ కెమెరా మొదట పాడుచేసేది సరిగ్గా ఈ ఛాయనే. పసుపు బల్బు కింద తీస్తే ఒక రంగు, కిటికీ పక్కన తీస్తే ఇంకో రంగు. వెలుగును బట్టి ఫోన్ తనంతట తానే రంగులు సర్దుతుంది, చర్మాన్ని నునుపు చేస్తుంది, అంచులను పదును చేస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపితే ఇంకా కుదించుకుపోతుంది. మచ్చ అంచు నిజంగానే గీత గీసినట్టు ఆగిందో, ఫోన్ అలా చేసిందో చూసేవారికి తెలియదు. పైగా చర్మం పైభాగం వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి, ఫొటోలో మెరుపు చాటున లోపలి అల్లిక కనబడదు. డాక్టర్లు వాడే డెర్మోస్కోప్ ఆ మెరుపును తొలగించి, పది రెట్లు పెద్దది చేసి, పైపొర కింది రంగు ఎలా పరుచుకుందో చూపిస్తుంది. ఇంత చూపించే పరికరంతోనే సిడ్నీలో ఆ ఏడింటిని మొదటి చూపులో తేల్చలేకపోయారు. మామూలు ఫోన్ ఫొటో మీద ఎంత భారం వేయవచ్చో దీన్నిబట్టి తెలుస్తుంది.

మెలనోమా గుర్తులు చాలామంది ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. మచ్చ రెండు సగాలూ సమానంగా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండడం, రకరకాల రంగులు, ఆరు మిల్లీమీటర్లకు మించిన వెడల్పు. 1985లో న్యూయార్క్ వైద్యులు సామాన్యులకు గుర్తుండేలా కూర్చిన ఈ నాలుగూ మంచివే. కానీ ఇవి ముదురుతున్న మెలనోమా రూపురేఖలు. తొలినాటి మెలనోమా ఆరు మిల్లీమీటర్లలోపు, ఒకే రంగులో, గుండ్రంగా ఉండవచ్చు. అందుకే 2004లో అయిదో గుర్తుగా ‘మార్పు’ను చేర్చారు. మొదటి నాలుగూ ఒక ఫొటోలో వెతకగలిగినవి. అయిదోది ఏ ఒక్క ఫొటోలోనూ ఉండదు.

పోలిక ఇంకొకటి కూడా ఉంది, ఆ మనిషి మిగతా మచ్చలతో. ఫ్రాన్స్‌లోని చర్మవైద్యులు గ్రోబ్, బొనెరాండీ 1998లో ఈ సంగతి రాశారు. ఒక మనిషి ఒంటిమీద పుట్టుమచ్చలు సాధారణంగా ఒకే పోలికలో ఉంటాయి. కొందరికి అన్నీ లేత గోధుమరంగులో ఉంటాయి, కొందరికి అన్నీ నల్లటి చుక్కల్లా ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి వేరుగా ఉంటే దాన్ని చూడాలి. విడిగా చూస్తే వంకర అంచులతో భయపెట్టే మచ్చ, ఆ మనిషి వీపంతా అలాంటి మచ్చలే ఉంటే మామూలుదే అయ్యుండవచ్చు. విడిగా చూస్తే సాధువుగా కనబడే నల్లచుక్క, మిగతావన్నీ లేతగా ఉన్నవాడి ఒంటిమీద అనుమానించదగ్గది. దగ్గరగా తీసిన ఫొటోలో ఒక్క మచ్చే ఉంటుంది, దాని తోబుట్టువులు ఉండవు.

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కువగా తెల్లచర్మం వాళ్ల కథ. మన దేశంలో మెలనోమా చాలా అరుదు. మనలాంటి చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లలో వచ్చేవాటిలో పెద్ద వంతు అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. వీటికి ఎండతో పెద్దగా సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఈ రకమే. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. 1981లో, 36 ఏళ్లకే ఆయన చనిపోయాడు. మన ఊళ్లలో అరికాలి మీద నల్లమచ్చ అంటే ముల్లు గుచ్చుకుందనో, రక్తం గడ్డకట్టిందనో, ఆనెకాయ అనో అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు అదే నిజం కూడా. ఏది నిజమో తేల్చడం ఎలాగన్నదే ఇక్కడి చిక్కు.

ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. యాభై దాటిన ఒకావిడ కుడి మడమ దగ్గర గోధుమరంగు మచ్చ ఉంది. నొప్పి లేదు, దురద లేదు. ఎప్పుడొచ్చిందో ఆవిడకు తెలియదు, ఎందుకంటే ఎవరూ తమ అరికాలు రోజూ చూసుకోరు. కూతురు కాలి పట్టీలు పెడుతూ చూసి, ఫొటో తీసి డాక్టరుకు పంపింది. ఫొటోలో మచ్చ గుండ్రంగా ఉంది, ఒకే రంగు, అంచు సాఫీగానే ఉంది. ఎంత పెద్దదో తెలియదు, పక్కన స్కేలు పెట్టలేదు.

డాక్టరు ముందు స్పిరిట్ దూదితో గట్టిగా తుడుస్తారు. పైనుంచి అంటిన రంగైతే కొంతైనా పోవాలి. తర్వాత చిన్న బ్లేడుతో పైన గట్టిపడిన చర్మాన్ని పలచగా గీకుతారు. చర్మం పైపొరలో గడ్డకట్టిన రక్తమైతే ఆ పొరలతోపాటు ఊడివస్తుంది. ఈవిడది రాలేదు. స్కేలు పెట్టి కొలిస్తే ఎనిమిది మిల్లీమీటర్లు.

అప్పుడు డెర్మోస్కోప్ తీస్తారు. అరికాలి చర్మం దున్నిన పొలంలా ఉంటుంది. వేలిముద్రల్లో కనబడే గీతలే, గట్టు తర్వాత చాలు, చాలు తర్వాత గట్టు. చెమట రంధ్రాలు గట్లమీద తెల్లటి చుక్కల్లా వరసగా కనబడతాయి కాబట్టి, గట్టేదో చాలేదో వాటినిబట్టి గుర్తుపట్టవచ్చు. జపాన్‌లో తొషియాకి సైదా, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చూసి తేల్చిన సంగతి ఇది: అరికాలి పుట్టుమచ్చలో రంగు ఎక్కువగా చాళ్లలో ఉంటుంది, తొలిదశ మెలనోమాలో రంగు గట్లమీద ఉంటుంది. మెలనోమా కణాలు గట్ల కింద, చెమట నాళాలు దిగే చోట మొదట పెరుగుతాయి, అందుకే ఈ తేడా. ఎక్కడ ఏది ఉందో సరిగా తెలియకపోతే మచ్చ మీద ఫౌంటెన్ పెన్ను సిరా పూసి తుడుస్తారు. సిరా చాళ్లలో మిగిలిపోతుంది, గట్లు తేలతాయి. ఖరీదైన పరికరాల మధ్య ఇలాంటి చిన్న ఉపాయం ఉండడం నాకెంతో నచ్చింది.

ఈవిడ మచ్చలో మూడు వంతులు రంగు చాళ్లలోనే ఉంది. మడమ వెనక వైపు అంచున మాత్రం గట్లమీదికి ఎక్కింది. ఆ అంచు వెడల్పు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఫోన్ ఫొటోలో గట్టూ చాలూ కలిసిపోయి అంతా ఒకటే గోధుమరంగుగా కనబడింది.

గట్లమీద రంగు కనబడినంతమాత్రాన మెలనోమా అని రాసేయడానికి లేదు. పరుగెత్తేవాళ్ల కాళ్లలో పైపొరలోకి చిమ్మిన రక్తం, పైనుంచి అంటిన కొన్ని రంగులు, కొన్ని మందుల వల్ల వచ్చే నలుపు కూడా గట్లమీదే కనబడతాయి. నల్లచర్మం వాళ్ల అరికాళ్లలో సహజంగా ఉండే మచ్చలూ ఒక్కోసారి అలాగే ఉంటాయి. వాటిని తోసిపుచ్చాక కూడా గట్లమీద రంగు మిగిలితే ముక్క పరీక్ష చేయించాలన్నది సైదా బృందం పెట్టిన నియమం. గట్లమీద రంగు లేకపోయినా, పుట్టుమచ్చకు ఉండే మామూలు అల్లిక కనిపించకపోతే అప్పుడు వెడల్పు చూస్తారు. ఏడు మిల్లీమీటర్లు మించితే ముక్క పరీక్ష, లోపైతే కొన్నాళ్లకు మళ్లీ చూడడం.

ఈవిడకు మచ్చ మొత్తాన్ని, చుట్టూ రెండు మిల్లీమీటర్ల మామూలు చర్మంతో కలిపి తీసి పంపారు. మొత్తం తీయడం ఎందుకంటే, మధ్యలోంచి చిన్న ముక్క తీసివుంటే ఆ ముక్కలో చాళ్లలోని మామూలు కణాలే పడి, ‘పుట్టుమచ్చే’ అని రిపోర్టు వచ్చి ఉండేది. పెద్ద మచ్చలకు మొత్తం తీయడం కుదరనప్పుడు అన్నిటికంటే అనుమానం ఉన్న చోటునుంచి ముక్క తీస్తారు, కానీ దానికి ఈ పరిమితి ఎప్పుడూ ఉంటుంది. ఈవిడ రిపోర్టులో మెలనోమా అని వచ్చింది, కణాలు పైపొర దాటలేదని కూడా రాశారు. అయిదు నుంచి పది మిల్లీమీటర్ల మామూలు చర్మాన్ని అదనంగా తీసేసే రెండో ఆపరేషన్‌తో చికిత్స ముగుస్తుంది. తర్వాత క్రమంగా చూపించుకోవాలి.

ముక్క పరీక్షనూ కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు, అది కూడా నిజాయితీగా చెప్పాలి. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో 187 మంది అమెరికన్ పాథాలజిస్టులకు 240 కేసుల నుంచి గాజుపలకలు పంచి చదివించారు. స్పష్టమైన మామూలు మచ్చల్లో నిపుణుల తీర్పుతో వందకు 92 సార్లు ఏకీభవించారు. తొలిదశలో ఉండి అడుగుపొరలోకి కొంచెం దిగిన మెలనోమాల్లో ఏకీభావం వందకు 43 సార్లే. కణాలను నేరుగా మైక్రోస్కోపులో చూస్తున్నవాళ్ల పరిస్థితే ఇది. కాబట్టి రిపోర్టులో అనుమానం ఉన్నట్టు రాస్తే, ఆ గాజుపలకలనే చర్మపు ముక్కలు చదవడంలో అనుభవమున్న ఇంకో పాథాలజిస్టుకు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. పలకలు, మైనపు దిమ్మ ల్యాబులో భద్రంగా ఉంటాయి, అడిగితే ఇస్తారు.

ఇదంతా చదివి ఫొటో తీయడం దండగ అనుకోవద్దు. పోల్చడానికి పాత ఫొటో ఉంటే డాక్టరు పని సగం తేలిక. పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను మచ్చకు నిటారుగా పట్టుకుని, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి తీయండి. ఆ మచ్చ చుట్టూ ఉన్న మచ్చలు కూడా కనబడేలా దూరంగా ఇంకొకటి తీయండి. తేదీ రాసుకుని, అసలు ఫైలు అలాగే దాచుకోండి. పంపినప్పుడు కుదించుకుపోయిన కాపీ పోలికకు పనికిరాదు. అరికాళ్లు, కాలి వేళ్ల సందులు, గోళ్లు మరిచిపోవద్దు. గోటి మీద నిలువుగా నల్లగీత ఉంటే, ఆ నలుపు గోరు మొదట్లోని చర్మం మీదికి కూడా పాకిందేమో చూడండి. పాకితే ఫొటోతో ఆగకుండా వెళ్లి చూపించుకోవాలి.

మూడు నెలలు ఆగి పోల్చే పద్ధతి అన్ని మచ్చలకూ వర్తించదని గట్టిగా గుర్తుంచుకోవాలి. సిడ్నీ బృందం వేచి చూసింది చదునైన మచ్చల విషయంలో, అదీ డాక్టరు చూసి ‘ఆగవచ్చు’ అన్నాకే. గుండ్రంగా ఉబ్బి, ముట్టుకుంటే గట్టిగా ఉండి, వారాల్లో పెరుగుతున్న గడ్డను పోలిక కోసం వదిలిపెట్టకూడదు. మెలనోమాల్లో అలా మొదటినుంచీ లోతుకే పెరిగే రకం ఉంది. దానికి మూడు నెలలు చాలా ఎక్కువ. కొన్నిటికి నలుపే ఉండదు, గులాబిరంగు బొడిపెలా ఉంటాయి, పుండనుకుంటారు. నెత్తురు కారుతూ నెల దాటినా మానని పుండు అరికాలి మీద ఉంటే, మధుమేహం వల్లేనని ఇంట్లోనే తీర్మానించుకోకుండా చర్మవైద్యులకు చూపించాలి.

ఇంకొక్క మాట. అనుమానమున్న మచ్చకు సున్నం పెట్టడం, కాల్పించుకోవడం, ముక్క పరీక్ష లేకుండా లేజర్‌తో తీయించుకోవడం చేయవద్దు. పైన రంగు పోతుంది, కింద కణాలు మిగలవచ్చు. అంతకన్నా నష్టం ఇంకొకటుంది. లోతు కొలవడానికి పాథాలజిస్టుకు ఏ ముక్కా మిగలదు. మచ్చ తీసిన ప్రతిసారీ ‘ముక్కను ల్యాబుకు పంపుతున్నారా?’ అని అడగండి. మెలనోమా అని వస్తే రిపోర్టులో బ్రెస్లో లోతు మిల్లీమీటర్లలో రాశారో లేదో, అంచుల దాకా కణాలు ఉన్నాయో లేదో చూడండి. రాయకపోతే రాయించుకోండి. తర్వాత ఎంత చర్మం తీయాలి, లింఫు గ్రంథిని పరీక్షించాలా వద్దా అన్నది ఆ రెండు వివరాల మీదే చాలావరకు ఆధారపడుతుంది.